తాగుడు మీ రక్తంలో ఉందా? కాగితం, పెన్సిల్ పట్టుకుని చూసుకునే పద్ధతి

"మా బాపు తాగి తాగి పోయిండు. నేను గూడ అట్లనే అయితనా సార్?"

నల్లగొండలో మందు మాన్పించే వార్డులో కౌన్సెలర్‌గా పనిచేస్తున్న నన్ను ఈ మాట అడిగేది ఎక్కువగా రోగులు కాదు, రోగి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న కొడుకులు. ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు. కారిడార్‌లో అడిగితే ఒక ముక్కలో ఏం చెప్తాం? అందుకే వాళ్లను కూర్చోబెట్టి చేయించే పనినే ఇక్కడ రాస్తున్నాను. ఒక తెల్ల కాగితం, పెన్సిల్ తీసుకోండి. పెన్నుతో వద్దు, ఎందుకంటే అడిగేకొద్దీ సమాధానాలు మారతాయి.

ముందు కాగితం మధ్యలో మీ పేరు రాసి చుట్టూ గడి గీయండి. పక్కన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. పైన అమ్మానాన్న, వాళ్ల తోబుట్టువులు, అంటే పెద్దనాయన, చిన్నాయన, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, చిన్నమ్మ. ఆ పైన తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ, కుదిరితే వాళ్ల అన్నదమ్ములు కూడా. మూడు తరాలు చాలు. తాగినవాళ్లనే కాదు, ముట్టనివాళ్లను కూడా రాయాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. తాగుబోతుల పేర్లు మాత్రమే రాసుకుని 'మా వంశమంతా ఇంతే' అని బెదిరిపోతారు.

ఇప్పుడు ఒక్కొక్కరి గురించి అడగాలి. ఎవరిని? మగవాళ్లను అడిగితే పనికొచ్చే సమాధానం రాదు, "అప్పట్ల అందరు తాగేటోళ్లే" అంటారు. మేనత్తను అడగండి, నాయనమ్మను అడగండి, ఆ ఇంట్లో అన్నం వండి రాత్రి పదకొండు దాకా ఎదురుచూసిన ఆడవాళ్లను అడగండి. ఇంకోమాట, "ఆయన తాగేవాడా" అని అడగొద్దు. మన దిక్కు సాయంత్రం ఒక సీసా కల్లు తాగని తాత ఎవరు? కేంద్ర ప్రభుత్వం 2019-21లో చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది తాగుతామని చెప్పారు. తాగడం వేరు, మందుకు బానిస కావడం వేరు. మీరు కాగితం మీద వెతకాల్సింది రెండో దాన్ని.

దానికి అడగాల్సిన ప్రశ్నలు ఇలా ఉంటాయి. పొద్దున లేవగానే చేతులు వణికేవా, ఒక గుక్క పడితేగానీ వణుకు ఆగేది కాదా? ఒక క్వార్టర్‌తో ఆపుతానని పోయి ఎన్నిసార్లు ఆపలేకపోయాడు? పొలం ఎప్పుడు అమ్మాడు, ఎందుకు అమ్మాడు? కామెర్లు వచ్చి డాక్టరు మానమని చెప్పాక మానాడా? ఎప్పుడైనా కాలు విరిగో ఆపరేషన్‌కో ఆసుపత్రిలో చేరితే రెండో రోజో మూడో రోజో ఏమైంది? ఈ చివరి ప్రశ్న చాలా పనికొస్తుంది. రోజూ తాగే మనిషికి ఆసుపత్రిలో తాగడానికి దొరక్క ఫిట్స్ రావచ్చు, లేదా గోడల మీద పురుగులు పాకుతున్నాయని, ఎవరో పిలుస్తున్నారని అరవొచ్చు. ఇంట్లోవాళ్లు దాన్ని 'గాలి సోకింది' అని గుర్తుపెట్టుకుని ఉంటారు. అయ్యప్ప మాల గురించి కూడా అడగండి. మాల వేసుకుని 41 రోజులు ఆపాడంటే బానిస కాదని చెప్పలేం గానీ, మాల వేసుకున్న మొదటి మూడు రోజులు చెమటలు, వణుకు, నిద్ర లేకపోవడం ఉంటే అది గట్టి గుర్తు.

రెండు జాగ్రత్తలు. కామెర్లతో పోయిన ప్రతివాడూ తాగుడుతో పోయినట్టు కాదు, హెపటైటిస్ బి లాంటివి కూడా కాలేయాన్ని తినేస్తాయి. అలాగే కల్లు కాంపౌండ్ సంగతి. మన జిల్లాల్లో చాలాచోట్ల అమ్మిన కల్లులో డైజీపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపేవారని అందరికీ తెలిసిందే. ఆ కల్తీ కల్లు ఆగిపోయినప్పుడు పాలమూరు పల్లెల్లో జనం వణుకుతూ, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ ఆసుపత్రులకు చేరడం 2015లో చూశాం. అలాంటి వణుకు సారాయి వల్ల వచ్చిందో, మాత్ర వల్ల వచ్చిందో చెప్పలేం. కాబట్టి కల్లు తప్ప ఇంకేమీ ముట్టని తాతకు అలా జరిగితే ఆ గడి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి, అంతే.

బానిస అయ్యాడని మీకు నమ్మకం కుదిరినవాళ్ల గడిని నల్లగా నింపండి. మామూలుగా తాగి, పని చేసుకుని బతికినవాళ్లది ఖాళీగా ఉంచండి. అసలు ఎప్పుడూ ముట్టనివాళ్ల గడికి ఒక అడ్డగీత పెట్టండి. ఈ అడ్డగీత ఎందుకంటే, ముట్టని మనిషిలో ఆ గుణం ఉందో లేదో బయటపడే సందర్భమే రాలేదు. మన ఇళ్లలో ఆడవాళ్లలో చాలామంది ఈ లెక్కలోకే వస్తారు. "మా అమ్మ వైపు ఎవరికీ లేదు సార్, అమ్మ వాసన కూడా పడదు" అంటారు. అమ్మ తాగలేదు కాబట్టి అమ్మ నుంచి రాదని కాదు, అమ్మ అన్నదమ్ములనూ అమ్మ తండ్రినీ చూడాలి.

ఒకతని కాగితం చూపిస్తాను, గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. దేవరకొండ దిక్కు మనిషి, 24 ఏళ్లు, డీసీఎం వ్యాన్ నడుపుతాడు. తండ్రి గడి నలుపు. ముప్పై ఏళ్ల వయసు నుంచే పొద్దున్నే క్వార్టర్, కాలు విరిగి చేరినప్పుడు రెండో రోజు ఫిట్స్. పెద్దనాయన బొంబాయికి కూలికి పోయి పదేళ్లు ఉండి వచ్చాడు, దావత్‌లలో తాగుతాడు, అంతే, ఖాళీ గడి. తాత రోజూ కల్లు తాగేవాడు కానీ డెబ్బై ఏళ్ల దాకా అరక దున్నాడు, వణుకు ఎవరూ చూడలేదు, అదీ ఖాళీ. ఈ ముగ్గురిలో తండ్రి ఒక్కడే నలుపు. అతను కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు.

నాయనమ్మ గురించి అడగమన్నాను. ఆమె చుక్క ముట్టలేదు, అడ్డగీత. ఆమె అన్నదమ్ములు ఇద్దరు. మేనత్తకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి అడిగితే ఆమె కాసేపు మాట్లాడలేదు, తర్వాత "పెద్దమామ మూడెకరాలు తాగిండు, చిన్నమామ రక్తం కక్కుకొని పోయిండు, ఇప్పుడెందుకురా అయ్యన్ని" అన్నది. రెండు గడులు నలుపయ్యాయి. ఆ తర్వాత తేలిన సంగతి ఏమిటంటే, అతని తండ్రి చేసుకున్నది సొంత పెద్దక్క కూతుర్ని. అంటే ఇతనికి నాయనమ్మ అయిన ఆమే, ఇతని తల్లికి అమ్మమ్మ. ఒకే మనిషి కాగితం మీద రెండు దారుల్లో ఇతని దాకా దిగుతోంది. తల్లి తమ్ముడు, అంటే ఇతని మేనమామ, అతని గడి కూడా నలుపే. మనలో మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడాలు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి 'అమ్మ వైపు, నాన్న వైపు' అని విడదీసి చూసే లెక్క మనకు అన్నిసార్లూ పనిచేయదు. మేనరికం ఉంటే ఆ ఇద్దరి మధ్య జోడు గీత గీసి, గీతలు ఎక్కడ కలుస్తున్నాయో చూడండి.

సరే, నల్ల గడులు వచ్చాయి. వాటిని ఎలా చదవాలి?

కన్న తల్లికో తండ్రికో సొంత తోబుట్టువుకో ఈ జబ్బు ఉంటే, ఎవరికీ లేనివాళ్లతో పోలిస్తే మీకు వచ్చే అవకాశం సుమారు మూడు నాలుగు రెట్లు. ఈ మాట వినగానే గుండె జారుతుంది, కానీ రెట్లు అనే మాట ఒంటరిగా వింటే మోసపోతాం. డొనాల్డ్ గుడ్విన్ అనే అమెరికన్ డాక్టరు డెన్మార్క్‌లో చేసిన పరిశోధన ఒకటి 1973లో వచ్చింది. తాగుడు జబ్బున్న వాళ్లకు పుట్టి, ఆరు వారాలు నిండకముందే వేరే ఇంటికి దత్తత పోయిన 55 మంది కొడుకులను పెద్దయ్యాక వెతికి చూశారు. కన్నవాళ్లను చూడలేదు, ఆ ఇంటి గొడవలు చూడలేదు, అయినా వాళ్లలో 18 శాతం మందికి ముప్పై ఏళ్ల వయసుకే తాగుడు జబ్బు వచ్చింది. అలాంటి కన్నవాళ్లు లేని దత్తత పిల్లల్లో అది 5 శాతం. నాలుగు రెట్ల దాకా ఉందన్నది నిజం. నూటికి 82 మందికి ఆ వయసుకు రాలేదన్నదీ అంతే నిజం. రెండు ముక్కలనూ పక్కపక్కనే కాగితం మీద రాసుకోండి.

ఆ డ్రైవర్ ఇంట్లోనూ ఇలాంటిదే ఒకటుంది. అతని చిన్నాయనను పసిగుడ్డుగా ఉన్నప్పుడే అచ్చంపేటలో పిల్లల్లేని బంధువులకు ఇచ్చేశారు. తాగుడు అసలే లేని ఇల్లు. అయినా ముప్పై దాటాక ఆయన గడీ నలుపే. ఒక్క మనిషిని చూసి ఏదీ తేల్చకూడదు, ఆయన స్నేహితులెవరో, ఎందుకు మొదలుపెట్టాడో మనకు తెలియదు. కానీ డెన్మార్క్ లెక్క చెప్పింది ఎలా ఉంటుందో ఆ ఒక్క గడి కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది.

కవలల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఒక జనంలో ఈ జబ్బు కొందరికి రావడానికీ కొందరికి రాకపోవడానికీ మధ్య తేడాలో దాదాపు సగం జన్యువుల వల్ల అని తేలింది. 'సగం' అంటే మీకు వచ్చే అవకాశం యాభై శాతం అని కాదు. చదువుకున్నవాళ్లు కూడా ఇలాగే పొరబడతారు. మిగతా సగం ఎప్పుడు మొదలుపెట్టారు, చేతికి ఎంత తేలిగ్గా దొరుకుతుంది, ఎవరి పక్కన కూర్చుంటున్నారు, ఇంట్లో దెబ్బలాటలు, అప్పులు, వీటన్నిటిలో ఉంది. ఇంటి ఎదురుగానే బెల్టు షాపు ఉన్నవాడికీ లేనివాడికీ తేడా ఉండదా!

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది. వారసత్వంగా వచ్చేది మందు మీద ఆశ అనుకుంటాం. అది మాత్రమే కాదు. చాలా ఇళ్లలో దిగి వచ్చేది మందు ఎక్కకపోవడం. "వాడికి ఎంత పోసినా ఎక్కదురా" అని దావత్‌లో మెచ్చుకుంటారు చూడండి, ఆ గుణం. కాలిఫోర్నియాలో మార్క్ షుకిట్ అనే సైకియాట్రిస్టు 1970ల చివర్లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లను, సగం మంది తాగుడు జబ్బున్న తండ్రుల కొడుకులు, పిలిచి కొలత ప్రకారం మందు ఇచ్చి ఎంత మత్తుగా ఉందని అడిగాడు, నిలబెట్టి ఎంత ఊగుతున్నారో కొలిచాడు. సుమారు పదేళ్ల తర్వాత మళ్లీ వెతికి చూస్తే, ఆ కొడుకుల్లో అప్పుడు మత్తు తక్కువగా ఎక్కినవాళ్లలో 56 శాతం మందికి జబ్బు వచ్చింది. త్వరగా ఎక్కినవాళ్లలో 14 శాతానికే. తండ్రులు అలాంటివాళ్లే, తేడా కొడుకుల ఒంట్లో ఉంది.

ఎందుకంటే మామూలు మనిషికి రెండు పెగ్గులకు తల తిరుగుతుంది, నాలుక మందమవుతుంది, చాలు అనిపిస్తుంది. ఎక్కని మనిషికి ఆ 'చాలు' రాదు. అందరితో సమానంగా హుషారు రావాలంటే ఇంకో రెండు కావాలి, క్రమంగా తనలాగా తాగేవాళ్లతోనే జత కడతాడు. మత్తు తెలియకపోయినా కాలేయానికీ మెదడుకూ చేరేది అదే లెక్క, తాగినకొద్దీ ఒళ్లు ఇంకా అలవాటు పడుతుంది. ఇంకో సంగతి, చైనా, జపాన్, కొరియా వాళ్లలో చాలామందికి ఒక జన్యువులో ఉండే తేడా వల్ల కొంచెం తాగగానే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతి వచ్చినట్టుంటుంది. అది వాళ్లను కాపాడుతుంది. మనవాళ్లలో ఆ తేడా చాలా అరుదు.

కాబట్టి కాగితం వెనక్కి తిప్పి మీ గురించి రాయండి. పరీక్ష చేసుకోవడానికని కొత్తగా తాగొద్దు, దయచేసి. మొదట్లో తాగిన నాలుగైదు సార్లు గుర్తు చేసుకోండి, అలవాటు పడకముందు ఒళ్లు ఎలా ఉందో అదే కావాలి. ఎంత తాగితే మొదటిసారి తేడా తెలిసింది? ఎంతకు మాట తడబడింది? లెక్క యూనిట్లలో రాయండి. 30 ఎంఎల్ విస్కీ లేదా బ్రాందీ ఒక యూనిట్, అందులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. క్వార్టర్ అంటే 6. 650 ఎంఎల్ లైట్ బీరు రెండున్నర, స్ట్రాంగ్ బీరు దాదాపు 4. బీరే కదా అనుకునేవాళ్లు ఈ చివరి లెక్క రెండుసార్లు చదవాలి. కల్లు పొద్దున తీపి, సాయంత్రానికి పులిసి ఎక్కువవుతుంది, కలిపింది ఏమిటో తెలియదు, దాన్ని లెక్కలోకి తీసుకోలేం.

డ్రైవర్ రాసింది ఇది. పదిహేడేళ్లప్పుడు బావ పెళ్లిలో మొదటిసారి, ఒక స్ట్రాంగ్ బీరు, మీద 90 విస్కీ. అంటే 7 యూనిట్లు. "ఏం కాలే సార్, అందర్ని బండి మీద నేనే దింపిన." ఇప్పుడు నలుగురు కలిసి 750 ఎంఎల్ ఫుల్ రెండు తెచ్చుకుంటారు, మనిషికి 12 దాకా పడుతుంది, మిగతా ముగ్గురూ పడిపోతారు, ఇతను వ్యాన్ తీస్తాడు. అది వారానికి రెండుసార్లు. ఇన్నాళ్లూ అతను దాన్ని తన బలం అనుకున్నాడు. బండి నడపగలిగినట్టు అనిపించడం వేరు, బ్రేక్ మీద కాలు సమయానికి పడటం వేరు, అది కూడా చెప్పాను.

ఆ తర్వాత ఆడిట్ అనే పది ప్రశ్నల పత్రం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసింది, ఏ సైకియాట్రీ ఓపీలో అడిగినా ఇస్తారు, అయిదు నిమిషాల పని. 8 గానీ అంతకు మించి గానీ వస్తే హాని చేసే తాగుడు, 20 గానీ అంతకు మించి గానీ వస్తే బానిస అయి ఉండొచ్చు, డాక్టర్ను కలవాల్సిందే. అతనికి 14 వచ్చింది. వణుకు లేదు, పొద్దున తాగడం లేదు. జబ్బు ఇంకా రాలేదు, దారిలో ఉన్నాడు.

రక్తమో ఉమ్మో పంపితే తాగుడు జన్యువు ఉందో లేదో చెప్తామనే టెస్టులకు డబ్బులు పెట్టొద్దు. దీనికి ఒక జన్యువు లేదు, వందల చోట్ల తలా కొంచెం తేడాలు కలుస్తాయి, వాటితో ఒక మనిషికి జబ్బు వస్తుందో రాదో చెప్పే పరీక్ష ఇప్పటికి లేదు. మీ మేనత్త చెప్పిన మాటే ఇంకా ఎక్కువ చెప్తుంది.

మరి ఏం చేయాలి? కాగితం మీద కన్నవాళ్లలోనో తోబుట్టువుల్లోనో నలుపు ఉండి, మీకు మందు ఎక్కదు అని తేలితే, మొదలుపెట్టకపోవడం అన్నిటికంటే తేలిక. ఇది నా అభిప్రాయం, వార్డులో చూసి చూసి వచ్చిన అభిప్రాయం. తాగుతున్నవాళ్లయితే, 'ఎక్కింది, ఆపుదాం' అనే లెక్క మీకు పనిచేయదు, ఆ గంట మీ ఒంట్లో మోగదు. కాబట్టి కొలత బయట పెట్టుకోవాలి. ముందే రెండు యూనిట్లు అని అనుకుని, కొలిచి పోసుకుని, సీసా ఎదురుగా లేకుండా చూసుకోండి. టెన్షన్‌గా ఉన్నప్పుడు, నిద్ర పట్టనప్పుడు, పొద్దున, ఒంటరిగా, ఈ నాలుగు వేళల్లో అసలు వద్దు. ఆరు నెలలకోసారి ఆడిట్ నింపి తేదీ వేయండి. రెండు కొలత రెండు వారాలు కూడా నిలబడకపోతే తగ్గించడం మీ వల్ల అయ్యే పని కాదని తెలిసిపోయింది, పూర్తిగా మానేయాలి.

అయితే ఇప్పటికే రోజూ తాగుతూ, పొద్దున చేతులు వణికే దశలో ఉన్నవాళ్లు మాత్రం ఇది చదివి రేపటి నుంచి ఒక్కసారిగా ఆపేయొద్దు. ఆపిన ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పవచ్చు, ప్రాణం పోవచ్చు. సర్కారు ఆసుపత్రిలో సైకియాట్రీ వార్డుకు పోతే మందులు ఇచ్చి, బి1 విటమిన్ పెట్టి, వారం పది రోజుల్లో జాగ్రత్తగా దింపుతారు. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. 14446 కూడా మత్తు మాన్పించే సాయానికే.

డ్రైవర్ మొదట రెండు కొలత పెట్టుకున్నాడు, మూడో శనివారానికే అది తప్పింది, వచ్చి చెప్పాడు, పూర్తిగా ఆపాడు. ముగ్గురు స్నేహితుల్లో ఇద్దరు దూరమయ్యారు. కాగితం మాత్రం మడిచి వ్యాన్ డాష్‌బోర్డులో పెట్టుకున్నాడు. కిందటి నెల తమ్ముణ్ని తీసుకుని వచ్చాడు. పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్. చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లకే ముప్పు ఎక్కువ, ఒక అమెరికన్ సర్వేలో పదిహేనేళ్ల లోపు మొదలుపెట్టినవాళ్లకు 21 దాకా ఆగినవాళ్ల కంటే నాలుగు రెట్లు అని తేలింది, అందుకే తమ్ముడికి ఇప్పుడే చెప్పమని నేనే అన్నాను. పిల్లాడు నేల చూస్తూ కూర్చున్నాడు. అన్న కాగితం పరిచి నాయనమ్మ దగ్గర నుంచి వేలు పెట్టి దించుకుంటూ వచ్చి, ఎక్కకపోవడం గురించి చెప్పాక, వాడు మెల్లగా, "బతుకమ్మప్పుడు రెండు లైట్ బీర్లు తాగిన అన్నా, నాకు గూడ ఏం కాలే" అన్నాడు. అన్న ఏమీ అనలేదు. పెన్సిల్ తీసుకుని తమ్ముడి గడి పక్కన రాశాడు: 17 ఏళ్లు, 5 యూనిట్లు, ఏం కాలే.